ట్యాంకులో నీళ్ల మోత, ఊగే పైపు: ఫ్లోట్ వాల్వ్ చప్పుడుకు కారణం, పరిష్కారం

మేడ మీద ట్యాంకులోకి నీళ్లు ఎక్కేటప్పుడు వచ్చే చప్పుళ్లన్నీ ఒకటి కావు. పైనుంచి నీళ్లు పడే దబదబ వేరు, పైపు ఊగి గోడకు కొట్టుకునే చప్పుడు వేరు, వాల్వులోంచి వచ్చే మోత వేరు. చప్పుడు వినగానే కొందరు, నీటి మీద తేలే బంతితో ట్యాంకు నిండగానే నీళ్లను ఆపే ఫ్లోట్ వాల్వ్‌ను కొత్తది కొనేస్తారు, కొందరు పైపుకు క్లాంపులు బిగిస్తారు. నేను మొదట చేసింది ఆ రెండో పనే. ట్యాంకు దగ్గర పైపు ఊగడం తగ్గింది కానీ చప్పుడు పోలేదు. మెట్ల పక్కనున్న ఎల్బో దగ్గర వినిపించడం మొదలైంది. పైపును ఊపుతున్నది ఏమిటో తెలుసుకోకుండా పైపును కట్టేస్తే ఇలాగే జరుగుతుంది.

ముందు పది నిమిషాలు వినండి

ట్యాంకు సగం పైన నిండి, వాల్వు ఇంకా తెరిచే ఉన్న సమయంలో మూత తీసి చూడండి. చప్పుడు ఎప్పుడు, ఎంత వేగంగా వస్తోందో గమనిస్తే కారణం దాదాపు తెలిసిపోతుంది.

ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కువగా ఉండి, నిండేకొద్దీ తగ్గితే అది కేవలం నీళ్లు ఎత్తునుంచి పడే చప్పుడు. ట్యాంకు నిండబోయేటప్పుడు మొదలై, ఇంచుమించు సెకనుకు ఒకసారి దబ్, దబ్ అని కొడుతూ దానితోపాటే పైపు కదిలితే, బంతి అలల మీద ఎగిరిపడుతోందని అర్థం. చివరి అంగుళం, రెండంగుళాల్లో మాత్రమే తేనెటీగల్లా మోత వస్తే వాల్వు లోపలి వాషరు కంపిస్తోంది. అంతా అయ్యాక ఒకే ఒక్క గట్టి దెబ్బ వినిపిస్తే వాల్వు చివర్లో ఒక్కసారిగా మూసుకుంటోంది.

ఇళ్లలో ఎక్కువ తిప్పలు పెట్టేది రెండోది. కాబట్టి దాని గురించే వివరంగా చెబుతాను.

సెకనుకు ఒకసారి ఎందుకు కొడుతుంది?

వాల్వులోంచి వేగంగా పడే నీటిధార ట్యాంకులోని నీటిని ఒక పక్కకు నెడుతుంది. పళ్లెంలో నీళ్లు మోసుకెళ్తుంటే అటూ ఇటూ ఊగినట్టు, ట్యాంకులో నీళ్లు కూడా గోడనుంచి గోడకు ఊగడం మొదలవుతుంది. సుమారు ఒక మీటరు వెడల్పున్న ట్యాంకులో ఆ ఊపు అటు వెళ్లి ఇటు రావడానికి దాదాపు ఒక సెకను పడుతుంది.

అల వచ్చి బంతిని పైకి ఎత్తగానే వాల్వు కాస్త మూసుకుంటుంది, ధార తగ్గుతుంది. అల వెనక్కి వెళ్లగానే బంతి కిందికి జారుతుంది, ధార మళ్లీ ఒక్కసారిగా పెరిగి ఇంకో అలను లేపుతుంది. ఉయ్యాలను సరైన సమయానికి తోసినట్టు ప్రతి ధారా ముందున్న అలకు బలం ఇస్తూ పోతుంది. వాల్వు ఇలా మూసుకుని తెరుచుకున్న ప్రతిసారీ పైపులో ప్రవహిస్తున్న నీటికి అడ్డుపడి వదిలినట్టవుతుంది. పైపు ఊగేది ఆ కుదుపులకే.

దీన్ని వదిలేయకూడదు. ప్లాస్టిక్ పైపులో ఈ ఊపు ముందుగా దెబ్బతీసేది మరలు ఉన్న జాయింటును, అంటే ట్యాంకు గోడ దగ్గరి భాగాన్ని. అక్కడ సన్నగా తడి కనిపిస్తుంటే పగులు ఇప్పటికే మొదలై ఉండవచ్చు.

ఇదే కారణమని తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. దబ్ దబ్ వినిపిస్తున్నప్పుడు బంతి కాడను చేత్తో పట్టుకుని కదలకుండా ఉంచండి. కొన్ని సెకన్లలో కొట్టుకోవడం ఆగిపోతే కారణం అలలే. బంతిని పట్టుకున్నా మోత అలాగే ఉంటే వాల్వు లోపలి భాగాన్ని చూడాలి. నిచ్చెన మీద ఉండి ట్యాంకులోకి మరీ వంగకండి. చేయి అందకపోతే కర్రతో బంతిని ఆపినా సరిపోతుంది.

మా ట్యాంకు దగ్గర చేసిన పని

మాది వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు, ముప్పావు అంగుళం పైపు. బంతిని పట్టుకోగానే కొట్టుకోవడం ఆగింది కాబట్టి కారణం ఖాయమైంది. తర్వాత నీళ్లు ఎంత వేగంగా వస్తున్నాయో కొలిచాను. ధార కింద 20 లీటర్ల బకెట్ పెడితే 30 సెకన్లలో నిండింది. అంటే నిమిషానికి 40 లీటర్లు. ఆ పైపులో నీళ్లు సెకనుకు సుమారు రెండు మీటర్ల వేగంతో వస్తున్నాయన్నమాట. వాల్వు లోపలి రంధ్రం పైపుకంటే బాగా సన్నగా ఉంటుంది కాబట్టి అక్కడ ఆ వేగం ఇంకా కొన్ని రెట్లు పెరుగుతుంది.

మొదట ట్యాంకుకు ముందున్న వాల్వును కొద్దికొద్దిగా మూస్తూ, అదే బకెట్ నిమిషంలో నిండేలా సర్దాను. వేగం సగమైంది. ట్యాంకు పూర్తిగా నిండడానికి 25 నిమిషాలకు బదులు 50 నిమిషాలు పడుతుంది. మాకు రాత్రంతా నీళ్లు వస్తాయి కాబట్టి ఇబ్బంది లేదు. నీళ్లు గంటసేపే వచ్చేచోట మాత్రం ఈ లెక్క ముందే వేసుకోవాలి. ఇంకో సంగతి, గేట్ వాల్వును ఎక్కువకాలం సగం మూసి వాడితే దాని లోపలి పలకే కొట్టుకుని కొత్త చప్పుడు మొదలవుతుంది. ప్రవాహాన్ని శాశ్వతంగా తగ్గించాలంటే గ్లోబ్ వాల్వ్ పెట్టుకోవడం మేలు.

దీంతో దబ్ దబ్ బాగా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. అసలు పని అప్పుడు మొదలైంది. నీళ్లు నేరుగా ట్యాంకు నీటి మీద పడకుండా చూడాలి.

చాలామంది ఇక్కడ వాల్వు మూతికి ఒక పైపు తగిలించి, దాని కొస నీళ్లలో మునిగేలా పెడతారు. చప్పుడు నిజంగానే పోతుంది. కానీ అలా చేయవద్దని గట్టిగా చెబుతాను. సరఫరా ఆగిపోయి, కింద ఎక్కడో కుళాయి తెరిచి ఉంటే, మునిగిన పైపులోంచి ట్యాంకు నీళ్లు వెనక్కి సరఫరా లైనులోకి లాగబడతాయి. ట్యాంకులో ఏ మురికి ఉంటే అది తాగే నీటి లైనులో కలుస్తుంది. చాలాచోట్ల నిబంధనలు కూడా దీన్ని ఒప్పుకోవు.

బదులుగా వెడల్పాటి పైపును నిలువుగా నిలబెట్టాను. తాగునీటికి వాడే 4 అంగుళాల పైపు ముక్క తీసుకుని, అడుగున మూత బిగించి, కింది జానెడు భాగంలో చుట్టూ 20 మిల్లీమీటర్ల రంధ్రాలు ఎనిమిది చేశాను. పైమూతి తెరిచే ఉంటుంది, ఓవర్‌ఫ్లో పైపు మట్టం కంటే ఎత్తులో ఉంటుంది. వాల్వు మూతికీ ఈ పైపు అంచుకూ మధ్య రెండంగుళాల ఖాళీ వదిలాను. ధార ఆ ఖాళీలోంచి గొట్టంలో పడుతుంది, అంటే గాలి ఎడం అలాగే ఉంటుంది, నీళ్లు వెనక్కి లాగబడవు. దబదబ అంతా గొట్టం లోపలే అణిగిపోతుంది. ఎనిమిది రంధ్రాల మొత్తం వైశాల్యం లోపలికి వచ్చే పైపుకు సుమారు ఎనిమిది రెట్లు కాబట్టి, అడుగున నీళ్లు మెల్లగా బయటికి వస్తాయి, పైన అల లేవదు.

గొట్టం పైభాగం కదలకుండా నైలాన్ టైతో వాల్వు మొదలుకు కట్టాను. బంతి కాడ పైకీ కిందికీ పూర్తిగా తిరిగేటప్పుడు గొట్టానికి ఎక్కడా తగలకూడదు, తగిలితే వాల్వు మూసుకోక నీళ్లు పొర్లిపోతాయి. రంధ్రాలు చేశాక ప్లాస్టిక్ పొట్టు మొత్తం కడిగేయాలి, లేకపోతే కింది కుళాయిల జాలీల్లో చేరుతుంది.

ఇంకా బంతి వణుకుతుంటే

బంతి కాడకు కింద ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాను గట్టి స్టీలు తీగతో, మూతి పైకి ఉండేలా వేలాడదీయండి. బంతికి ఒక బెత్తెడు కింద ఉంటే చాలు. నీళ్లతో నిండిన డబ్బా నీటిలో పెద్దగా బరువు తూగదు కానీ, వేగంగా కదల్చబోతే మొరాయిస్తుంది. అందుకే మట్టం మెల్లగా పెరిగితే బంతి మామూలుగానే లేస్తుంది, అలకు మాత్రం ఎగరదు.

పైపు, ట్యాంకు గోడ

క్లాంపులు అవసరమే, కానీ ఊపుకు కారణం తొలగించాక. పైపు ట్యాంకులోకి వెళ్లే చోటికి బయట, ఒక అడుగు దూరంలోపే ఒక క్లాంపు ఉండాలి. దాన్ని పిట్టగోడకో ట్యాంకు స్టాండుకో బిగించాలి, ట్యాంకుకు కాదు. పలుచటి ప్లాస్టిక్ గోడ డప్పు చర్మంలా మోగుతుంది. వాల్వు బిగించిన చోట గోడ లోపలికీ బయటికీ వంగుతుంటే, నట్టు కింద అరచేయంత వెడల్పున్న తుప్పుపట్టని పలక పెట్టి బిగిస్తే ఆ మోత బాగా తగ్గుతుంది.

చివర్లో వచ్చే మోత, ఒక్క దెబ్బ

ఈ రెండింటికీ పైన చెప్పిన గొట్టం పనిచేయదు. ట్యాంకుకు ముందున్న వాల్వును సగం మూసినా పెద్దగా మారదు. ఎందుకంటే ఫ్లోట్ వాల్వ్ దాదాపు మూసుకున్నప్పుడు ప్రవాహం చాలా తక్కువగా ఉంటుంది, లైనులోని ఒత్తిడి దాదాపు మొత్తం మళ్లీ వాషరు మీదికి వచ్చేస్తుంది. సరఫరా కట్టి, కాడ పిన్ను తీసి, లోపలి పిస్టన్‌ను బయటికి లాగి వాషరును చూడండి. మధ్యలో గుంట పడినా, గట్టిబడి పెళుసెక్కినా మార్చాలి. అది ఆనుకునే అంచును వేలితో తడిమితే గీతలో ఇసుక రేణువులో తెలుస్తాయి. అంచు గీసుకుపోతే వాల్వు మొత్తం మార్చడమే దారి. కొనేటప్పుడు ఎక్కువ ఒత్తిడికి పనికొచ్చే, లోపల సన్న రంధ్రమున్న రకం అడగండి. తక్కువ ఒత్తిడికి చేసిన పెద్ద రంధ్రం వాల్వును గట్టి ఒత్తిడి లైనుకు బిగిస్తే బంతికి దాన్ని స్థిరంగా మూసేంత బలం చాలదు.

వాషరు మార్చినా మోత తిరిగి వస్తే లైనులో ఒత్తిడే ఎక్కువగా ఉందన్నమాట, దానికి ప్రెషర్ తగ్గించే వాల్వు కావాలి.

మోటారుతో నింపే ట్యాంకు అయితే విషయం వేరు. ఫ్లోట్ వాల్వ్ మూసుకున్నాక కూడా మోటారు తిరుగుతూనే ఉంటే పంపు వేడెక్కి పాడవుతుంది. అక్కడ నీటి మట్టాన్ని బట్టి మోటారును ఆపే ఫ్లోట్ స్విచ్ పెట్టాలి.

పని అయ్యాక ఒకసారి ట్యాంకును పూర్తిగా నిండనిచ్చి దగ్గరుండి చూడండి. నీళ్లు ఓవర్‌ఫ్లో పైపుకు కనీసం ఒక అంగుళం కింద ఆగాలి. మా ట్యాంకు దగ్గర మొదటిసారి అర అంగుళం కిందే ఆగాయి, డబ్బా తగిలించడంతో కాడ సర్దుబాటు కాస్త మారింది. బంతి మట్టం కొంచెం దించి మళ్లీ నింపాను.