జీతం కాకుండా చేతికొచ్చిన డబ్బు: రిటర్న్‌లో ఎలా చూపించాలి

ఉద్యోగం చేస్తూనే సాయంత్రాలు బయటి పని చేసి నాలుగు డబ్బులు సంపాదించేవాళ్లు రిటర్న్ దగ్గర ఎక్కువగా తడబడేది ఒక్కచోటే: బ్యాంకులో పడిన మొత్తాన్నే ఆదాయం అనుకోవడం. ఇక్కడి లెక్కలు 2025-26 ఆర్థిక సంవత్సరానివి, కొత్త పన్ను విధానం ప్రకారం.

ముందుగా, ఎవరు చూపించాలి? పక్క ఆదాయం ఇంత దాటితేనే చూపాలన్న విడి పరిమితి ఏదీ లేదు. జీతంతో కలిపి మొత్తం ఆదాయం 4 లక్షలు దాటితే రిటర్న్ వేయాలి, అందులో పక్క ఆదాయం ప్రతి రూపాయీ ఉండాలి. ‘12 లక్షల దాకా పన్ను లేదుగా, ఇంక రిటర్న్ ఎందుకు’ అనేది చాలామంది మాట. 12 లక్షల వరకు పన్ను సున్నా అయ్యేది లెక్కకొచ్చిన పన్నును మాఫీ చేసే రిబేటు వల్ల. రిటర్న్ వేయాల్సిన బాధ్యత మాత్రం 4 లక్షల దగ్గరే మొదలవుతుంది.

ఇక అసలు చిక్కు. ఒక సివిల్ ఇంజనీరు జీతం ఏడాదికి 7,20,000 అనుకుందాం. ఖాళీ వేళల్లో ఒక కంపెనీకి డ్రాయింగులు గీసి 60,000కి బిల్లు ఇచ్చాడు. ఏడాదిలో ఫీజు 50,000 దాటింది కాబట్టి కంపెనీ 10 శాతం, అంటే 6,000 టీడీఎస్ పట్టుకుని 54,000 ఖాతాలో వేసింది. ఇళ్లు కట్టుకునేవాళ్లు ముగ్గురు ప్లాన్ల కోసం మరో 18,000 ఇచ్చారు, కొంత యూపీఐలో, కొంత చేతికి. పాస్‌బుక్ చూసి 54,000 అని రాసేస్తే తప్పు. అతని ఆదాయం 60,000. ఆ 6,000 అతని పేరు మీద ముందే కట్టిన పన్ను. తక్కువ ఆదాయం చూపి, టీడీఎస్ మాత్రం మొత్తం అడిగితే మీ పాన్ మీద జమైన పన్నును చూపే 26ఏఎస్‌తో పొంతన కుదరదు, రీఫండ్ ఆగిపోవచ్చు, నోటీసూ రావచ్చు.

అందుకే డబ్బు వచ్చిన రోజే ఒక నోటు పుస్తకంలో ఒక వరుస రాసుకోవాలి: తేదీ, ఎవరిచ్చారు, ఏ పనికి, బిల్లు ఎంత, టీడీఎస్ ఎంత, చేతికొచ్చింది ఎంత. ఆ ఇంజనీరు పుస్తకంలో కంపెనీ వరుస 60,000 – 6,000 – 54,000 అని ఉంటుంది. నగదుగా వచ్చిన దానికీ అదే వరుస. టీడీఎస్ గడిలో సున్నా వేయాలి, ఖాళీగా వదలకూడదు. మూడు నెలలు పోయాక ఆ ఖాళీ చూస్తే పట్టుకోలేదో, మనమే రాయడం మరిచామో తెలియదు.

రిటర్న్ ఏప్రిల్‌లోనే వేసేయాలని తొందరపడొద్దు. కంపెనీలు జనవరి–మార్చి టీడీఎస్ వివరాలు ఇవ్వడానికి మే 31 వరకు గడువుంది. జూన్ మధ్యలో incometax.gov.in లో 26ఏఎస్, మీ ఆదాయ వివరాలు చూపే ఏఐఎస్ రెండూ తెరిచి పుస్తకంతో వరుస వరుసా సరిచూసుకోండి. పట్టుకున్న టీడీఎస్ అక్కడ కనిపించకపోతే కంపెనీ మీ పాన్ తప్పుగా రాసిందన్నమాట, లేదా వివరాలు ఇంకా పంపలేదు. దాన్ని సరిచేయాల్సింది ఆ కంపెనీయే. బిల్లు కాపీ జతచేసి వాళ్ల అకౌంట్స్ విభాగానికి మెయిల్ పెట్టండి. ఇంకోమాట: ఏఐఎస్‌లో లేనిది ఆదాయం కాదనుకోకండి. ఆ 18,000 అక్కడ కనిపించకపోయినా రిటర్న్‌లో ఉండాల్సిందే.

ఫారం విషయంలోనూ జాగ్రత్త. జీతగాళ్లకు అలవాటైన ఐటీఆర్-1లో వృత్తి ఆదాయానికి చోటు లేదు. ఇంజనీరింగ్ ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 44ఏడీఏ కింద గుర్తించిన వృత్తి కాబట్టి ఇతను ఐటీఆర్-4 వేయవచ్చు. వచ్చిన 78,000లో కనీసం సగం, 39,000, లాభంగా చూపితే ఖర్చుల రశీదులు అడగరు. నిజంగా మిగిలింది అంతకంటే ఎక్కువైతే ఎక్కువే చూపాలి. 44ఏడీఏ జాబితాలో లేని పని చేసేవాళ్లు అసలు ఖర్చులతో ఐటీఆర్-3 వేయాల్సి రావచ్చు, అప్పుడు రశీదులు దాచుకోవాలి.

ఇప్పుడు లెక్క చూడండి. జీతంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా 6,45,000, దానికి 39,000 కలిపితే 6,84,000. రిబేటుతో పన్ను సున్నా. పట్టుకున్న 6,000 పూర్తిగా వెనక్కి వస్తుంది. ‘పక్క ఆదాయం దాచేస్తాను, రీఫండ్‌లో నాకింత ఇవ్వండి’ అనే మధ్యవర్తికి ఇక్కడ చేసే పనే లేదు. పైగా దాచిన ఆదాయానికి నోటీసు వచ్చేది మీ పాన్‌కే, అతనికి కాదు.

ఎవరి చేత వేయించుకున్నా పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి. సమర్పించే ముందు రీఫండ్ పడే ఖాతా నంబరు, మొబైల్ నంబరు మీవేనా అని తెర మీద మీరే చూడాలి. ఆ తర్వాత 30 రోజుల్లోపు ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చేయాలి. అది చేయకపోతే వేసిన రిటర్న్ చెల్లదు.