ఓఆర్ఎస్ తాగించినా తగ్గట్లేదా? ముందు ఎన్ని నీళ్లలో కలిపారో చూడండి

మందుల షాపు కౌంటర్ వెనక నిలబడేవాడికి ఎండలు ముదిరినప్పుడూ, మళ్లీ తొలకరి పడ్డాకా తరచూ వినపడే మాట ఒకటుంది. "అన్నా, నిన్న ఇచ్చిన ఓఆర్ఎస్ పనిచేయలేదు, వేరే కంపెనీది ఉంటే ఇవ్వు." డబ్ల్యూహెచ్‌వో ఫార్ములా అని రాసి ఉన్న ప్యాకెట్ ఏ కంపెనీదైనా లోపలి సరుకు ఒకటే కాబట్టి, కంపెనీ మార్చి లాభం లేదు. అందుకే నేను ముందు ఒక్కటే అడుగుతాను: ఎన్ని నీళ్లలో కలిపారు? చాలాసార్లు గొడవంతా అక్కడే బయటపడుతుంది.

ఏది ఎందుకు చెడిందో తెలియాలంటే పేగులో జరిగేది కాస్త తెలియాలి, ఎక్కువేం కాదు.

నీళ్లని పట్టి లాగే పంపు మన పేగులో లేదు. ఉప్పు ఎటు పోతే నీళ్లు దాని వెనకే పోతాయి, అంతే. కాబట్టి ఉప్పుని, అంటే సోడియంని, పేగు గోడ దాటించాలి. చిన్నపేగు గోడ మీది కణాలకి ఎస్‌జీఎల్‌టీ1 అనే ప్రొటీన్ ఉంటుంది, దాన్ని షేర్ ఆటో అనుకోండి, ఇద్దరు సోడియంలూ ఒక గ్లూకోజూ ఎక్కితేగానీ కదలదు. ఉప్పు ఒక్కటే వస్తే ఆటో ఆగే ఉంటుంది, గ్లూకోజ్ ఒక్కటే వచ్చినా అంతే. ఇద్దరూ లోపలికి వచ్చాక, కణానికి అవతలి వైపు, అంటే రక్తం వైపున్న మరో పంపు సోడియంని ఎప్పటికప్పుడు బయటికి తోసేస్తుంటుంది, దానివల్ల కణంలో సోడియం ఎప్పుడూ తక్కువే ఉండి కొత్త సోడియం వచ్చి చేరుతూ ఉంటుంది. గ్లూకోజ్ వేరే దారిన రక్తంలోకి వెళ్లిపోతుంది. ఇలా అవతల పోగైన ఉప్పూ చక్కెరా నీళ్లని తమ వైపు లాక్కుంటాయి. నేనొకసారి సరదాగా లెక్క వేశాను: ఒక గ్లూకోజ్, రెండు సోడియంలు, వాటి వెంట వెళ్లే రెండు క్లోరైడ్‌లు, మొత్తం ఐదు రేణువులు దాటితే, రక్తం చిక్కదనంతో సమానంగా ఉండటానికి వాటి వెంట సుమారు వెయ్యి నీటి అణువులు వెళ్లాలి.

ఇక్కడ అసలు విశేషం కలరాలో కనపడుతుంది. కలరా విషం పేగు కణంలో క్లోరైడ్ కుళాయిని తిప్పి వదిలేస్తుంది, సోడియం మామూలుగా లోపలికొచ్చే ఇంకో దారిని మూసేస్తుంది, అందుకే రోగికి ఉప్పునీళ్లు తాగించినా నిలవవు, బియ్యం కడిగిన నీళ్లలా విరేచనాలు పోతూనే ఉంటాయి. కానీ ఈ షేర్ ఆటో జోలికి మాత్రం ఆ విషం పోదు. సోడియం, గ్లూకోజ్ జతగానే దాటతాయన్న ఆలోచనని శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ 1960లో ప్రాగ్‌లో ఒక సమావేశంలో చెప్పారు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం రోజుల్లో పశ్చిమ బెంగాల్‌లోని బొంగావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగి సెలైన్ సీసాలు చాలకపోతే, డాక్టర్ దిలీప్ మహలనోబిస్ లీటరు నీళ్లకి 22 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా ప్యాకెట్లు కట్టించి, డ్రమ్ముల్లో కలిపి, రోగుల ఇంటివాళ్ల చేతే తాగించారు. అంతకుముందు 30 శాతం దాకా ఉన్న చావులు 3.6 శాతానికి పడిపోయాయి.

ఇప్పటి ప్యాకెట్ ఇంకా పలచన. లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9. నీళ్లలో కరిగిన రేణువుల లెక్కన చూసే చిక్కదనం పాత ఫార్ములాకి లీటరుకి 311 మిల్లీఆస్మోల్స్ ఉండేది, దీనికి 245. రక్తం సుమారు 290. అంటే గ్లాసులోది రక్తం కంటే పలచన, నీళ్లు పేగు నుంచి రక్తం వైపు నడుస్తాయి. ఈ ఒక్క సంగతి గుర్తుంటే కింద చెప్పేవన్నీ సులువుగా అర్థమవుతాయి.

సమస్య: ఓఆర్ఎస్ మొదలుపెట్టాక విరేచనాలు ఇంకా పెరిగాయి, దాహం తీరట్లేదు, పిల్లాడు చిరాకు పడుతున్నాడు

పోయిన వానాకాలం ఒకామె వచ్చింది, ఏడాదిన్నర బాబు, పది కిలోలు. ఉదయం నుంచి ఆరు విరేచనాలు. "ఎంత తాగినా నీళ్లు నీళ్లు అని గ్లాసు లాక్కుంటున్నాడన్నా" అంది. ఎలా కలిపావమ్మా అంటే, ప్యాకెట్ మొత్తం గ్లాసులో పోశానంది. ఏ ప్యాకెట్ అంటే, సంచిలోంచి తీసి చూపించింది. 21 గ్రాములది, లీటరు ప్యాకెట్.

మన దగ్గర రెండు సైజులు దొరుకుతాయి, పెద్దది లీటరుకి, సుమారు నాలుగు గ్రాముల చిన్నది 200 మిల్లీలీటర్లకి, అంటే ఒక గ్లాసుకి. ఇంట్లో ఇదివరకు చిన్నది వాడిన చెయ్యి పెద్దదాన్నీ గ్లాసులోనే పోస్తుంది. లెక్క చూడండి: లీటరు మందు ఐదో వంతు నీళ్లలో పడితే 245 కాస్తా 1225 అవుతుంది. రక్తం 290 దగ్గర ఉంటే పేగులో 1225 ఉన్నప్పుడు నీళ్లు ఎటు పోతాయి? రక్తంలోంచి పేగులోకి. ఆటోలు ఎన్ని తిరిగినా ఇంత సరుకు ఒక్కసారిగా ఎక్కించలేవు, మిగిలింది పేగులో కూర్చుని నీళ్లు లాగుతుంది. దాటింది రక్తంలో సోడియం పెంచుతుంది, అందుకే ఆ తీరని దాహం, ఆ చిరాకు. సోడియం మరీ పెరిగితే మగత, ఫిట్స్ కూడా రావచ్చు.

ఎలా పట్టుకోవాలి: గ్లాసులో ఉన్నది ఒక చుక్క నాలుక మీద వేసుకోండి. కన్నీటి కంటే ఉప్పగా ఉంటే తప్పు కలిపినట్టే.

పరిష్కారం: గ్లాసులోది పారబోయండి, నీళ్లు కలిపి సరిచేద్దామని చూడొద్దు, ఎంత మిగిలిందో ఎవరికీ ఖచ్చితంగా తెలియదు. కాచి చల్లార్చిన నీళ్లు లీటరు కొలవండి. మంచినీళ్ల లీటరు సీసా ఉంటే దాన్ని మించిన కొలత ఇంట్లో దొరకదు. ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలపండి, సగం వాడి సగం దాచే పని పెట్టుకోవద్దు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. పిల్లాడు అప్పటికే చిక్కటిది తాగి ఉంటే డాక్టర్‌కి చూపించాల్సిందే. ఈ బాబు ఒకటిన్నర గ్లాసులు తాగేశాడు కాబట్టి నేను ఇంకో ప్యాకెట్ ఇవ్వకుండా ఆసుపత్రికి పంపాను, వాళ్లు రక్తంలో సోడియం చూసి, సరిగ్గా కలిపిన ఓఆర్ఎస్సే మెల్లమెల్లగా పట్టించారు.

దీనికి తలకిందుల తప్పు కూడా ఉంది, చిన్న ప్యాకెట్‌ని లీటరులో పోయడం. అప్పుడు ఆటో ఎక్కడానికి సోడియంలు చాలవు, పిల్లాడు గ్లాసులకి గ్లాసులు తాగుతాడు గానీ పోయిన ఉప్పు తిరిగి రాదు, నీరసంగా వాలిపోతాడు.

సమస్య: సరిగ్గానే కలిపాం, అయినా విరేచనాలు ఆగట్లేదు

ఇది సమస్యే కాదు. ఓఆర్ఎస్ విరేచనాలు ఆపే మందు కాదు, పోయినదాన్ని తిరిగి నింపేది. వైరస్ అయితే ఐదారు రోజులు పడుతుంది. చూడాల్సింది విరేచనాలు ఎన్నని కాదు, ఉచ్చ పోస్తున్నాడా, నోరు తడిగా ఉందా, కళ్లు లోపలికి పోయాయా, పొట్ట మీద చర్మం గిల్లి వదిలితే వెంటనే వెనక్కి పోతోందా అని. డీహైడ్రేషన్ లేకపోతే రెండేళ్ల లోపు పిల్లలకి ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, ఆపై వయసు వాళ్లకి 100 నుంచి 200. కాస్త డీహైడ్రేషన్ కనపడితే నాలుగు గంటల్లో కిలోకి 75 మిల్లీలీటర్లు, అంటే పది కిలోల బాబుకి 750, దీన్ని మాత్రం డాక్టరో నర్సో చూస్తుండగా చేయడం మంచిది. విరేచనాల రోజులు తగ్గించేది జింక్, రోజుకి 20 మిల్లీగ్రాములు (ఆరు నెలల లోపు అయితే 10), 10 నుంచి 14 రోజులు. విరేచనాలు ఆగాయని మూడో రోజే మానేస్తారు చాలామంది, మానొద్దు.

సమస్య: తాగించిన వెంటనే కక్కేస్తున్నాడు

కారణం తొందర. గ్లాసు నోటికి పెట్టి తాగించేస్తాం, పొట్ట ఒక్కసారిగా ఉబ్బి వాంతి అవుతుంది. పది నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకి ఒక చెంచా చొప్పున మళ్లీ మొదలుపెట్టండి. చెంచా టీస్పూన్ అయితే గంటకి సుమారు 100 నుంచి 150 మిల్లీలీటర్లు లోపలికి వెళ్తాయి, తక్కువేం కాదు. మధ్యమధ్య కక్కినా అంతకుముందు తాగిందాంట్లో కొంత పేగు అందుకునే ఉంటుంది.

సమస్య: డబ్బాలో రుచిగా ఉన్నది తాగించాం, నీళ్లలా పోతున్నాయి

పళ్ల రుచి డబ్బాలు, కూల్‌డ్రింకులు. కోలాలో లీటరుకి 100 గ్రాముల పైనే చక్కెర, సోడియం దాదాపు సున్నా, చిక్కదనం సుమారు 700. గ్లూకోజ్‌కి తోడు సోడియం లేదు, మిగిలిన చక్కెర నీళ్లు లాగుతుంది. కొన్ని తీపి డ్రింకులు పేరులోనే ఓఆర్ఎస్ అని పెట్టుకుని అమ్ముడుపోయేవి, హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దంది. డబ్బా తిప్పి సోడియం ఎంతో చదవండి, లీటరుకి 75 మిల్లీమోల్ దరిదాపుల్లో లేకపోతే అది విరేచనాలకి పనికిరాదు.

సమస్య: అన్నీ సరిగ్గా చేశాం, ఓఆర్ఎస్ ఇచ్చిన ప్రతిసారీ విరేచనం ఎక్కువవుతోంది, ఆపితే తగ్గుతోంది

అరుదు, కానీ ఉంటుంది. పేగు గోడ బాగా దెబ్బతిని గ్లూకోజ్ లోపలికి పోవట్లేదు, మలంలో చక్కెర పరీక్ష చేస్తే కనపడుతుంది. ఇంట్లో చేసేదేమీ లేదు, సెలైన్ ఎక్కించాలి. పిల్లాడు లేపినా లేవకపోయినా, తాగలేకపోయినా, మలంలో రక్తం ఉన్నా, ఆరు గంటలుగా ఉచ్చ లేకపోయినా కూడా ఇంట్లో ఆగొద్దు, ఆసుపత్రికి వెళ్లండి, పిల్లాడు మెలకువగా ఉండి తాగగలిగితేనే దారిలో చెంచాతో పట్టించండి.

అర్ధరాత్రి, ప్యాకెట్ లేదు, షాపు మూసేశారు

లీటరు నీళ్లకి ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, రెండూ చెంచా అంచుకి సమంగా గీకి. ప్యాకెట్‌లో గ్లూకోజ్ 13.5 గ్రాములే కదా, చక్కెర ఎందుకు దాదాపు రెట్టింపు అంటే, చక్కెర పేగులో విడిపోయి సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్ అవుతుంది, ఫ్రక్టోజ్ ఈ ఆటో ఎక్కదు. ఉప్పు పలచటి గంజి ఇంకా నయం, పిండిపదార్థం కొద్దికొద్దిగా విడిపోతూ గ్లూకోజ్ ఇస్తుంది కాబట్టి పేగులో చిక్కదనం పెరగదు. వీటిలో పొటాషియం ఉండదు, కాబట్టి తెల్లారగానే ప్యాకెట్ తెచ్చుకోండి. కొనేటప్పుడు దాని వెనక 200 మిల్లీలీటర్లకా లీటరుకా అన్నది ఒకసారి చదవండి, చిన్న అక్షరాల్లో ఉంటే షాపువాడినే అడగండి.