సరైన టెస్టు ఎంచుకోవడం – ఐదో పాఠం: శాతాలతో వచ్చిన తంటా

పోయినసారి ఇచ్చిన లెక్క ఇది. గాజువాకలో 40 మందిని, మధురవాడలో 40 మందిని జగదాంబ జంక్షన్‌కు ఎలా వస్తారని అడిగాం. గాజువాకలో 24 మంది, మధురవాడలో 16 మంది బస్సు అన్నారు. ఊరికే అల్లిన అంకెలే. తేడా నిజమైనదా, యాదృచ్ఛికమా?

కొందరు టీ-టెస్ట్ అన్నారు. ఇంకొందరు కై-స్క్వేరే చేశారు కానీ విలువ 8 తెచ్చారు. రెండు పొరపాట్లకూ మూలం ఒకటే: 60 శాతం, 40 శాతం అని రాసుకుని, ఆపైన అసలు మనుషుల్ని మరిచిపోయారు.

నేనైతే ముందు టెస్టు పేరు ఆలోచించను. ఒక్క మనిషి వరుసలో ఏం రాశానో చూస్తాను. '45 నిమిషాలు' అని రాస్తే దానికి సగటు కట్టొచ్చు. అప్పుడు రెండు పేటలైతే టీ-టెస్ట్, పెందుర్తిని కూడా కలిపి మూడైతే అనోవా. 'బస్సు' అనో 'కాదు' అనో రాస్తే సగటు లేదు, లెక్కపెట్టడమే. అది కై-స్క్వేర్, పేటలు రెండైనా మూడైనా. ఏ మనిషి పక్కనా '60 శాతం' అని రాయలేం కదా! అది గుంపు మొత్తానికి మనం కట్టిన అంకె. దాన్ని చూసి టీ-టెస్ట్‌కి పరిగెత్తకండి.

ఇక ఆ 8 సంగతి. బస్సు 24, 16; బస్సు కానివాళ్లు 16, 24. తేడా ఏమీ లేకపోతే ప్రతి గడిలో 20 మంది ఉండాలి. ప్రతి గడిలోనూ తేడా 4. దాని వర్గం 16ను 20తో భాగిస్తే 0.8. నాలుగు గడులకు 3.2. ఇలాంటి పట్టికకు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 1; దానికి 5 శాతం స్థాయిలో హద్దు 3.84. దాటలేదు, కాబట్టి తేడా ఉందని చెప్పలేం.

శాతాలు పెడితే గడుల్లో 60, 40, 40, 60. ఉండాల్సింది 50, తేడా 10, గడికి 2, మొత్తం 8. హద్దు దాటేసింది! మనం అడిగింది 80 మందిని; టెస్టు మాత్రం 200 మంది అనుకుంది. ఎవరైనా శాతాల పట్టిక మాత్రమే ఇస్తే, ఎంతమందిని అడిగారో కనుక్కుని మనుషుల సంఖ్యకు మార్చాకే ముందుకెళ్లండి. ఆ సంఖ్య చెప్పకపోతే నేను లెక్క ముట్టుకోను.

ఆర్ సాఫ్ట్‌వేర్‌లో చేసి 2.45 వచ్చినవాళ్లు టెన్షన్ పడొద్దు. రెండు వరుసలు, రెండు నిలువుల పట్టికకు అది తనంతట తానే విలువను కాస్త తగ్గించే యేట్స్ సవరణ చేస్తుంది. చేత్తో వేసిన లెక్కతో పోల్చాలంటే:

```
chisq.test(matrix(c(24,16,16,24), nrow=2), correct=FALSE)
```

అభ్యాసం ఒక్కటే, కాస్త కష్టమైనది. ఆ గాజువాక 40 మందినే సోమవారం ఒకసారి, ఆదివారం ఒకసారి 'బస్సా, కాదా' అని అడిగాం. 80 జవాబులున్నాయి కదా అని పై పట్టికలాగే వేసి మామూలు కై-స్క్వేర్ చేయకూడదు. ఎందుకో నాలుగు వాక్యాల్లో రాయండి. దాని బదులు వేయాల్సిన సరైన పట్టికలో వరుసలకు, నిలువులకు ఏ పేర్లు పెట్టాలో కూడా గీసి చూపండి.