యాప్ ప్రకటన రాయడం – నాలుగో పాఠం: ముప్ఫై అక్షరాలు అంటే ఎన్ని?

పోయిన పాఠం చివర ఐదు హెడ్‌లైన్లు రాసి పంపమని అడిగాను. నెల జీతం మీద బతికే యువత కోసం తయారైన ఖర్చుల లెక్క యాప్‌ను గూగుల్ యాప్ క్యాంపెయిన్‌లో పెడుతున్నామని, ఒక్కో హెడ్‌లైన్ ముప్ఫై అక్షరాలకు మించకూడదని చెప్పాను. కావలి, కందుకూరు, ఒంగోలు, నెల్లూరుల నుంచి వచ్చిన వాటిలో సగానికి పైగా ఆ పెట్టెలో పట్టలేదు. చాలామంది నాకు రాసింది ఒకటే మాట: "నేను లెక్కపెట్టుకునే రాశాను, ఇరవై కూడా లేవు, అయినా ఒప్పుకోవడం లేదు." తప్పు మీది కాదు. ఏ లెక్కన ముప్ఫై అన్నది నేను చెప్పలేదు. ఈ పాఠంలో డిస్క్రిప్షన్ల గురించి విడిగా చెప్పాలనుకున్నాను కానీ, ముందు ఈ ముడి విప్పకపోతే మిగతాదంతా వృథా అవుతుంది.

మనం బడిలో నేర్చుకున్న లెక్కలో "జీతం" అంటే రెండు అక్షరాలు. తిక్కన నడయాడిన నెల్లూరు జిల్లాలో పద్యపాదానికి అక్షరాలు లెక్కపెట్టే అలవాటు ఉన్నవారు ఇప్పటికీ ఉన్నారు, వారెవరైనా రెండే అంటారు. యంత్రం మాత్రం హల్లును ఒకటిగా, దాని మీది గుణింతపు గుర్తును మరొకటిగా, సున్నను ఇంకొకటిగా లెక్కిస్తుంది. కాబట్టి జ, దీర్ఘపు గుడి, త, సున్న కలిసి "జీతం" నాలుగవుతుంది. ఒత్తు వస్తే భారం ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ఒత్తుకు ముందు కంటికి కనబడని పొల్లు ఒకటి ఉంటుంది. "ఖర్చు" మన లెక్కకు రెండు, యంత్రానికి ఐదు: ఖ, ర, పొల్లు, చ, కొమ్ము.

ఒంగోలు నుంచి వచ్చిన ఈ హెడ్‌లైన్ చూడండి: "మీ నెలవారీ ఖర్చులపై పూర్తి నియంత్రణ". కంటితో లెక్కిస్తే పదిహేను అక్షరాలు, నాలుగు ఖాళీలు, మొత్తం పంతొమ్మిది. యంత్రం లెక్క 35. అంటే ఐదు ఎక్కువ. పంపిన ఆయన "మీ" తీసేసి చూశారు, 32కి వచ్చింది. "పూర్తి" కూడా తీసేస్తే 25కి దిగి పెట్టెలో పట్టింది. పట్టింది కానీ, మిగిలిన "నెలవారీ ఖర్చులపై నియంత్రణ" అనే మాటను ట్రంకు రోడ్డు మీద జీతం పడిన సాయంత్రం ఎవరూ అనరు. నియంత్రణ అనేది పత్రికా ప్రకటనల మాట, పైగా అందులోనే సున్న, ఒత్తు, గుడి ఉండి ఎనిమిది స్థానాలు తినేస్తుంది. అదే విషయాన్ని "డబ్బు ఎటు పోయిందో చూడండి" అంటే 24లో సరిపోతుంది, చదివేవాడు తన గదిలో తాను అనుకునే మాటా అదే. బరువైన సంస్కృత పదాలలో ఒత్తులు ఎక్కువగా ఉంటాయి కనుక, లెక్క కుదరనప్పుడు నేను ముందుగా వాటినే తీసి వాటి స్థానంలో ఇంటి మాట పెడతాను. పదాలు తగ్గించడం ఆ తర్వాతి పని.

మరొక చిక్కు కూడా చెప్పాలి, ఇది నన్ను చాలాకాలం విసిగించింది. "ఫోన్‌లో" అని టైపు చేసినప్పుడు, నకారపు పొల్లు లకారంతో కలిసి ఒత్తుగా మారకుండా ఆపడానికి మధ్యలో కనబడని విడదీత గుర్తు ఒకటి చేరుతుంది. కొన్ని కీబోర్డులు దానిని వాటంతట అవే పెడతాయి. అది కూడా ఒక స్థానమే. అందుకే "ఫోన్‌లో" యంత్రానికి ఏడు. ఒకే వాక్యాన్ని ఇద్దరు రెండు ఫోన్లలో టైపు చేస్తే ఒకరికి పట్టి మరొకరికి పట్టకపోవడానికి కారణం ఇదే. కంటితో వెతికి దీనిని పట్టుకోలేరు. గూగుల్ షీట్స్‌లో మొదటి నిలువు వరుసలో రెండో గడి నుంచి హెడ్‌లైన్లు రాసుకుని, పక్క గడిలో ఈ సూత్రం పెట్టుకోండి:

```
=LEN(A2)
```

అది చూపే అంకె 30 లోపు ఉంటే హెడ్‌లైన్‌కు, 90 లోపు ఉంటే డిస్క్రిప్షన్‌కు సరిపోతుంది. నేను 28 దాటనివ్వను, ఎందుకంటే తర్వాత ఎవరైనా ఒక ప్రశ్నార్థకమో, కామానో చేర్చమంటారు.

ఇక రెండో పొరపాటు. ఇది తక్కువమంది చేసినా ఎక్కువ నష్టం చేసేది. యాప్ క్యాంపెయిన్‌లో మనం ఇచ్చే ఐదు హెడ్‌లైన్లను, ఐదు డిస్క్రిప్షన్లను గూగుల్ తనకు తోచిన వరుసలో కలుపుతుంది. ఒకచోట రెండు హెడ్‌లైన్లు కనిపించవచ్చు, ఇంకొకచోట ఒక్కటే కనిపించవచ్చు. కావలి నుంచి ఒక అమ్మాయి "జీతం వచ్చింది" అని ఒకటి, "ఎటు పోయింది?" అని దానికి జవాబుగా మరొకటి రాశారు. పక్కపక్కన పెడితే బాగుంది. కానీ ఆమె మూడో హెడ్‌లైన్ "చీటీ, అద్దె, మెస్ ఒకే చోట". దాని పక్కన "ఎటు పోయింది?" చేరితే, అన్నీ ఒకే చోట పెట్టాక మాయమయ్యాయన్న అర్థం వస్తుంది. ప్రతి హెడ్‌లైన్‌ను ఒక్కో కాగితం ముక్క మీద రాసి, వాటిని తిరగేసి ఏ రెండు వచ్చినా చదివి చూడండి. ఆ పది జతలలో ఏ ఒక్కటి అర్థం మారినా, ఆ జతలో తానుగా నిలబడలేని హెడ్‌లైన్‌ను మార్చాలి.

ఆ అమ్మాయి రాసిన "చీటీ, అద్దె, మెస్ ఒకే చోట" మాత్రం నాకు వచ్చినవాటన్నిటిలోకి మంచిది. "పొదుపు" అనే మాటను నేను హెడ్‌లైన్‌లో ఎప్పుడూ వాడను. అది బ్యాంకు గోడ మీది మాటలా వినిపిస్తుంది. ఉద్యోగంలో చేరిన తొలి ఏడాదిలోనే ఊళ్లో ఏదో ఒక చీటీ వేసిన కుర్రవాడికి మాత్రం "చీటీ" అనగానే నెలనెలా కట్టాల్సిన ఒక అంకె గుర్తుకొస్తుంది. మరొకరు దీనినే "జీతం పడగానే చీటీ డబ్బు పక్కకు" అని రాశారు. 29లో సరిపోయింది, వినడానికీ బాగుంది, కానీ దానిని వాడకూడదు. మన యాప్ ఏ డబ్బునూ ఖాతా నుంచి కదిలించదు, లెక్కలో మాత్రమే పక్కన చూపిస్తుంది. పక్కకు పెడుతుందని నమ్మి దించుకున్నవాడు చీటీ రోజున ఖాతాలో డబ్బు లేక ఇబ్బందిపడితే, యాప్‌ను తీసేయడంతో ఆగడు. దానిని "చీటీ డబ్బు పోగా ఎంత మిగులు?" అని మార్చాను. 27 అయింది, యాప్ చేసే పని కూడా అంతే.

ఇప్పుడు ఒకే మనిషిని ఎదురుగా పెట్టుకుని రాద్దాం. చీమకుర్తి గ్రానైటు యూనిట్‌లో అకౌంట్లు చూసే కుర్రవాడు, ఒంగోలులో గది, జీతం 18,000 అనుకోండి. గది అద్దె 4,000, మెస్ 3,600, ఇంటికి 3,000, చీటీ 2,000, ఫోను కిస్తీ 1,400. ఇవి పోగా మిగిలేది 4,000, అంటే ముప్ఫై రోజుల నెలలో రోజుకు సుమారు 133 రూపాయలు. ఇతనికి నెల మొత్తం అంకెలు అక్కర్లేదు. పెట్రోలు కొట్టించేముందు, టీ కొట్టు దగ్గర స్కాన్ చేసేముందు ఈ 133లో ఎంత మిగిలిందో తెలిస్తే చాలు. అందువల్ల అతనికి నా హెడ్‌లైన్ "ఇవాళ ఎంత ఖర్చు పెట్టొచ్చు?". లెక్క 26.

అయితే ఈ హెడ్‌లైన్ ఒక బాధ్యతను కూడా తెస్తుంది. యాప్ తెరిచిన మొదటి క్షణంలో 133 కనిపించదు, ఎందుకంటే అతని అద్దె, చీటీ ఎంతో యాప్‌కు ఇంకా తెలియదు. జవాబు కోసం వచ్చినవాడికి ఖాళీ పెట్టెలు కనిపిస్తే వెనక్కి పోతాడు. ఆ మధ్యమెట్టును డిస్క్రిప్షన్ ముందే చెప్పాలి: "అద్దె, చీటీ, కిస్తీ ఒకసారి చెప్పండి. మిగిలినది రోజుకు ఎంతో చూపిస్తుంది." ఇది 71. కొన్నిచోట్ల డిస్క్రిప్షన్ కనిపించకపోవచ్చు కనుక, స్టోర్ పేజీలోని మొదటి స్క్రీన్‌షాట్‌లోనూ ఆ వివరాలు అడిగే తెరనే పెట్టమని యాప్ తయారుచేసినవారికి చెప్పండి.

రెండో మెట్టు అనుమతి. ఈ యాప్ బ్యాంకు మెసేజీలు చదివి ఖర్చులను పట్టుకుంటుంది. 2019 నుంచి ప్లే స్టోర్ మెసేజీలు చదివే అనుమతిని చాలా యాప్‌లకు ఆపేసింది. మెసేజీల ఆధారంగా డబ్బు లెక్క చూపే యాప్‌లు ఆ కారణం చెప్పి సమీక్షకు పెట్టుకుంటే మినహాయింపు పొందే వీలుంది. స్టోర్ ఒప్పుకున్నా వాడేవాడు ఒప్పుకోవాలి కదా, ఓటీపీలు వచ్చే చోటు అది. అందుకే ఈ సంగతిని దాచకుండా రాస్తాను: "బ్యాంకు మెసేజీలు చదివి ఖర్చులను విడదీస్తుంది. అవి ఫోన్ దాటి పోవు." ఇది 65. రెండో వాక్యం నిజమో కాదో యాప్ రాసిన ఇంజినీరును అడిగి, ఆయన లిఖితంగా అవునన్న తర్వాతే పెట్టండి. ఒక్క మెసేజీ సర్వరుకు చేరుతున్నా దానిని తీసేయాలి. ఐఫోన్‌లో ఏ బయటి యాప్‌కూ మెసేజీల పెట్టెను చదివే వీలు లేదు కాబట్టి, ఈ డిస్క్రిప్షన్ ఆండ్రాయిడ్ క్యాంపెయిన్‌కే పరిమితం.

"అప్పుల్లో మునిగిపోయారా?" అని ఇద్దరు రాశారు. చదివేవాడి ఆర్థిక స్థితి మనకు తెలిసినట్టు ధ్వనించే ప్రకటనలను ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లు నడిపే మెటా నియమాలు ఒప్పుకోవు. ఇదే కాపీని రేపు అక్కడికీ తీసుకెళ్తాం కనుక ఇప్పుడే వదిలేయండి.

ప్రకటన నడిచాక ఏది పని చేసిందో ఎలా తెలుస్తుందని అడిగారు. ఇన్‌స్టాల్‌ల సంఖ్య ఒక్కటే చూడకండి. యాప్ వాడకాన్ని నమోదుచేసే గూగుల్ సేవ ఫైర్‌బేస్‌లో మొదటిసారి తెరిచినప్పుడు first_open, ఆండ్రాయిడ్‌లో తీసేసినప్పుడు app_remove అని నమోదవుతాయి. "ఇవాళ ఎంత" అనే మాటలున్న యాడ్ గ్రూపును, "ఒకే చోట" అనే మాటలున్న యాడ్ గ్రూపును వేరుగా నడిపి, రెంటిలోనూ first_open సంఖ్యతో app_remove సంఖ్యను పోల్చండి. తెరిచినవారు ఎక్కువగా ఉండి, ఒకటి రెండు రోజుల్లోనే తీసేసినవారూ ఎక్కువగా ఉంటే, హెడ్‌లైన్ చెప్పినదానికీ మొదటి తెరకూ పొంతన లేదని అర్థం. ఒకే గ్రూపులో అన్నీ కలిపేస్తే ఏ మాట వల్ల వచ్చారో విడదీయలేరు.

అభ్యాసం: నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి కౌంటరులో పనిచేసే, హాస్టల్‌లో ఉండే, 15,000 జీతం తెచ్చుకునే అమ్మాయి కోసం ఐదు హెడ్‌లైన్లు, రెండు డిస్క్రిప్షన్లు రాయండి. ముందు ఆమె నెల ఖర్చులు ఒక్కొక్కటిగా రాసి, రోజుకు ఎంత మిగులుతుందో తేల్చండి. ఆ లెక్క లేకుండా వచ్చిన కాపీని నేను చదవను. ప్రతి వరుస పక్కన షీట్ చూపిన అంకె ఉండాలి. పది జతలనూ రాసి, అర్థం మారిన జతల కింద గీత పెట్టి, ఏ హెడ్‌లైన్‌ను ఎందుకు మార్చారో ఒక వాక్యంలో చెప్పండి. ఏడో తేదీలోపు పంపితే వచ్చే పాఠంలో వాటినే తీసుకుంటాను.