సెలవులో ఉండగా వచ్చే మీటింగ్ ఇన్వైట్లకు ఆటో రిప్లై

సంక్రాంతి సెలవు అయ్యి ఆఫీసుకు వచ్చేసరికి క్యాలెండర్‌లో జవాబివ్వని మీటింగ్ ఇన్వైట్లు పేరుకుపోయి ఉంటాయి. ‘సెలవులో ఉన్నాను’ అన్న ఒక్క ముక్క సరిపోదు. ఆటో రిప్లైలో ఇలా పెట్టండి:

“జనవరి 13 నుంచి సెలవులో ఉన్నాను. 19, సోమవారం ఉదయం ఆఫీసుకు వస్తాను. ఈలోపు పంపిన మీటింగ్‌లు నేను ఒప్పుకున్నట్టు కాదు. దయచేసి 20 లేదా ఆ తర్వాతి తేదీకి మళ్లీ పంపండి. 19లోపే జరగాల్సిన మీటింగ్ అయితే మా టీమ్‌లోని (పేరు) గారికి (నంబర్) ఫోన్ చేయండి.”

సెలవు 16తో అయిపోతుందని రాస్తే కొందరు 17, శనివారమే ఫోన్ మొదలుపెడతారు. అందుకే తిరిగి వచ్చే రోజే, వారం పేరుతో సహా రాయాలి. 20 అని ఒక రోజు జరపడం పాత మెయిల్స్ చూసుకోవడానికి. పేరు ఇచ్చిన మనిషికి ముందే చెప్పి, మీ క్యాలెండర్ చూసే అనుమతి ఇచ్చి వెళ్లండి. లేదంటే వాళ్లు కూడా ‘ఆయన వచ్చాక అడగండి’ అనడం తప్ప ఏమీ చేయలేరు.

ఒక్క జాగ్రత్త. ఈ రిప్లై ఇన్వైట్‌ను తిరస్కరించదు, అది క్యాలెండర్‌లో అలాగే ఉంటుంది. ఆఫీసు గూగుల్ ఖాతా అయితే క్యాలెండర్‌లో అవే తేదీలకు Out of office కూడా పెట్టి, మీటింగ్‌లను వాటంతటవే తిరస్కరించే ఆప్షన్ టిక్ చేయండి.