కిట్‌లో ఒక అంకె, ల్యాబ్‌లో మరో అంకె: నీటి పరీక్షలో దేన్ని నమ్మాలి?

తిరుపతిలో చాలా ఇళ్లకు బోరు నీరు ఒకవైపు, కల్యాణి డ్యామ్ నుంచి గానీ తెలుగుగంగ నుంచి గానీ శుద్ధి చేసి పంపే కుళాయి నీరు మరోవైపు వస్తుంటాయి. బోరు నీటి కఠినత్వాన్ని, కుళాయి నీటిలోని క్లోరిన్‌ను ఇంట్లోనే కిట్‌తో చూసుకునే వారికి, అదే నీటిని ల్యాబ్‌కు పంపినప్పుడు వేరే అంకె రావడం కలవరం కలిగిస్తుంది. కఠినత్వం విషయంలో తేడా వస్తే ముందుగా కిట్ వాడిన తీరును అనుమానించాలి. క్లోరిన్ విషయంలో తేడా వస్తే ల్యాబ్‌కు వెళ్లిన సీసాను అనుమానించాలి.

సమస్య: కిట్‌లో కఠినత్వం ల్యాబ్ కంటే తక్కువగా వస్తోంది

మా బోరు నీటికి ఇదే జరిగింది. పది మిల్లీలీటర్ల నీటిలో ముందుగా బఫర్, తర్వాత రంగు సూచిక వేసి, ఎర్రబడిన నీరు నీలంగా మారేవరకు ఈడీటీఏ ద్రావణాన్ని చుక్కలుగా వేసే కిట్ అది. ఒక్కో చుక్కకు లీటరుకు 20 మిల్లీగ్రాముల లెక్క. నాకు 17 చుక్కలు పట్టాయి, అంటే 340. ల్యాబ్ నివేదికలో 420 అని ఉంది.

కారణం రంగును చదవడంలో ఉంది. ఎరుపు ఒక్కసారిగా నీలం కాదు. మధ్యలో వంగపండు రంగుకు వస్తుంది, నేను అక్కడే ఆపేశాను. చివరి చుక్కల దగ్గర రసాయన చర్య నెమ్మదిస్తుంది కాబట్టి ఒక్కో చుక్క వేశాక గొట్టాన్ని కాసేపు తిప్పి, కింద తెల్ల కాగితం పెట్టి, ఎర్రని ఛాయ లేశమైనా మిగలకుండా పోయే వరకు కొనసాగించాలి. అలా చేస్తే నాకు 21 చుక్కలు వచ్చాయి. చుక్కల సీసాను నిటారుగా పట్టుకోవడం కూడా అవసరం, ఎందుకంటే వంచితే చుక్క పరిమాణం మారిపోతుంది. బఫర్ వేశాక ఐదు నిమిషాల్లో ముగించాలి; ఆలస్యమైతే ఎక్కువ కఠినత్వం ఉన్న నీటిలో సున్నం అవక్షేపంగా దిగిపోయి లెక్క తప్పుతుంది.

ఇంత జాగ్రత్తగా చేసినా ఒక చుక్క అటూ ఇటూ తేడా ఉంటుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటి కఠినత్వానికి కోరదగిన పరిమితి 200, వేరే నీటి వనరు లేనప్పుడు 600. కిట్‌లో 420 వస్తే ఈ రెండింటి మధ్య ఉందని నిశ్చింతగా చెప్పవచ్చు. 190 గానీ 600 గానీ వస్తే మాత్రం ల్యాబ్ అంకె కావాలి. ముంచి తీసే స్ట్రిప్పుల్లో రంగుల మెట్లు మరీ దూరంగా ఉంటాయి కాబట్టి అవి నీరు మెత్తనిదా కఠినమా అని చెప్పడానికి మాత్రమే పనికొస్తాయి.

సమస్య: కుళాయి దగ్గర క్లోరిన్ ఉంది, ల్యాబ్‌లో లేదన్నారు

ఇక్కడ కిట్‌నే నమ్మాలి. క్లోరిన్ నీటిలో నిలవదు. ఎండకు, వేడికి, సీసాలోని మలినాలకు తగ్గిపోతూ ఉంటుంది. అందుకే నీరు పట్టిన పదిహేను నిమిషాల లోపే పరీక్షించాలన్నది ప్రయోగశాలలు పాటించే నియమం. ఉదయం పట్టి మధ్యాహ్నం అప్పగించిన సీసాలో సున్నా రావడంలో వింత లేదు. కుళాయిని రెండు మూడు నిమిషాలు పారనిచ్చి, అక్కడికక్కడే చూడాలి. క్లోరినేషన్ చేసిన నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి.

సమస్య: క్లోరిన్ కలపని బోరు నీటిలోనూ పసుపు రంగు వస్తోంది

పసుపు రంగు చూపేది ఆర్థోటోలిడిన్ కిట్. మాంగనీసు, ఇనుము, నైట్రైట్ ఉన్నా అది పసుపు చూపగలదు. అదే నీటిని వెడల్పాటి గిన్నెలో ఒక పగలంతా ఎండలో ఉంచి మళ్లీ పరీక్షించండి: పసుపు పోతే అది క్లోరినే, అలాగే ఉంటే వేరే పదార్థం. ఈ రసాయనం విషపూరితం కాబట్టి పరీక్షించిన నీటిని మళ్లీ పాత్రలో పోయకూడదు, పిల్లల చేతికి అందనివ్వకూడదు.

సమస్య: సంపులో బ్లీచింగ్ పౌడర్ వేసినా కిట్ సున్నా చూపుతోంది

అన్నింటిలో ప్రమాదకరమైన పొరపాటు ఇదే. గులాబీ రంగు ఇచ్చే డీపీడీ కిట్‌లో క్లోరిన్ మితిమీరితే ఆ రంగునే క్లోరిన్ విరిచేస్తుంది. నీరు తెల్లగా కనిపించి, చాలలేదనుకుని మరికొంత పౌడర్ వేస్తారు. కిట్‌లోని మాత్ర వేసిన క్షణంలో గులాబీ మెరిసి మాయమైతే అది సున్నా కాదు, అతి ఎక్కువ. ఒక వంతు సంపు నీటికి తొమ్మిది వంతులు బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ కలిపి మళ్లీ పరీక్షించి, వచ్చిన అంకెను పదితో గుణించాలి. అప్పుడు 1.5 వస్తే సంపులో ఉన్నది 15. ఆ నీటిని తాగడానికి వాడకుండా కొంత తోడేసి, కొత్త నీరు నింపి, ఒక మిల్లీగ్రాముకు దిగే వరకు పరీక్షిస్తూ ఉండాలి.