లాభం పుస్తకంలో ఉంది, బ్యాంకులో లేదు: డబ్బు ఎక్కడ ఇరుక్కుందో పట్టుకోవడం

విజయవాడలో ఒక ఎలక్ట్రికల్ హోల్‌సేల్ షాపుకి నేను లెక్కలు చూస్తాను. ఏప్రిల్‌లో ఓనరుగారు బ్యాలెన్స్ షీటు చూసి, "తొమ్మిది లక్షలు లాభం అంటున్నారు. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ చూస్తే లిమిట్ దాకా వాడేశాను. మరి ఆ డబ్బేదండీ?" అన్నారు. ఆయన సొంతానికి పెద్దగా తీసింది లేదు, స్థలాలేమీ కొనలేదు. ఇక మిగిలినవి రెండే చోట్లు: గోడౌన్, కస్టమర్ల ఖాతాలు. ఒక్కోదానికీ ఒక్కో లెక్క ఉంది.

```
ఇన్వెంటరీ టర్నోవర్ = అమ్మిన సరుకు కొన్న ధర ÷ సగటు నిల్వ
డీఎస్ఓ = రావాల్సిన బాకీ ÷ ఏడాది అమ్మకాలు × 365
```

మొదటిది సరుకు ఏడాదిలో ఎన్నిసార్లు తిరిగిందో చెబుతుంది. రెండోది అమ్మాక డబ్బు చేతికి రావడానికి ఎన్ని రోజులు పడుతోందో చెబుతుంది.

సమస్య 1: డీఎస్ఓ 90 రోజులు చూపిస్తోంది

ఏడాది అమ్మకాలు కోటీ 20 లక్షలు, మార్చి 31కి బాకీ 29.50 లక్షలు. లెక్క వేస్తే 90 రోజులు. ఓనరుగారికి టెన్షన్ పట్టుకుంది. కానీ కస్టమర్లను అనే ముందు అంకెను సరిచూడాలి.

కస్టమరు ఖాతాలోని బాకీలో 18 శాతం జీఎస్టీ కలిసి ఉంటుంది. లాభనష్టాల ఖాతాలోని అమ్మకాల్లో అది ఉండదు. ఈ తప్పు నేను చాలా షాపుల్లో చూశాను. జీఎస్టీ తీసేస్తే బాకీ 25 లక్షలు, డీఎస్ఓ 76 రోజులు.

ఇంకో మెలిక మార్చి నెల. ఆ ఒక్క నెలలోనే 15 లక్షల బిల్లులు కొట్టారు, జనవరి, ఫిబ్రవరిల్లో తొమ్మిదేసి లక్షలు. ఇలాంటప్పుడు ఏడాది సగటు పనికిరాదు, నెలలు వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోవాలి. 25 లక్షల్లోంచి మార్చి అమ్మకాలు 15 తీస్తే 31 రోజులు. మిగిలిన పదిలోంచి ఫిబ్రవరి తొమ్మిది తీస్తే ఇంకో 28. చివరి లక్షకి జనవరిలో మూడు రోజులు. మొత్తం 62. గత మార్చికి ఇదే పద్ధతిలో 45 వచ్చింది. అంటే జబ్బు నిజమే, 90 అన్నంత మాత్రం కాదు.

కారణం, పరిష్కారం

బిల్లుల వయసు వారీగా లిస్టు తీశాం. దాదాపు సగం బాకీ ఇద్దరు కాంట్రాక్టర్లదే. సేల్స్‌మన్‌కి కమీషన్ బిల్లు కొట్టిన నెలలోనే ఇస్తున్నారు, అందుకే పాత బాకీ అడగకుండా మార్చిలో ఇంకా సరుకు దింపేశాడు. అతన్ని తప్పుపట్టి లాభం లేదు, మనం పెట్టిన పద్ధతే అలా ఉంది. కమీషన్‌ని వసూలైన రోజుకి మార్చాం. 45 రోజులు దాటిన బిల్లు ఉంటే కొత్త సరుకు ఆపాం.

కాంట్రాక్టర్లకి ఒక మాట గుర్తు చేశాం: బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో డబ్బు కట్టకపోతే, వాళ్లు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ని, అంటే కొన్న సరుకు మీది జీఎస్టీని తమ పన్నులో తగ్గించుకున్న ఐటీసీని, వడ్డీతో వెనక్కి కట్టాలి. ఐటీసీ తీసుకోని బిల్డర్ల దగ్గర ఈ మాట పనిచేయదు. ఇటు మన పరిస్థితి చూస్తే, కస్టమరు ఇచ్చినా ఇవ్వకపోయినా మన జీఎస్టీ మనం కట్టాల్సిందే, బాకీ మునిగితే ఆ పన్ను తిరిగి రాదు. ఈ షాపుకి డీఎస్ఓ ఒక్క రోజు తగ్గితే, జీఎస్టీతో కలిపి దాదాపు 39 వేలు చేతికొస్తుంది.

సమస్య 2: టర్నోవర్ బాగానే ఉంది, గోడౌన్ మాత్రం ఖాళీ కావడం లేదు

కొన్న ధర కోటి, సగటు నిల్వ 25 లక్షలు. అంటే ఏడాదికి నాలుగుసార్లు, 91 రోజులకో చుట్టు. గత ఏడాదీ దాదాపు ఇంతే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. నేను గోడౌన్‌కి వెళ్లి చూస్తే, వెనక గోడ పక్కన సీలింగ్ ఫ్యాన్ల అట్టపెట్టెలు వరసగా ఉన్నాయి. పైన దుమ్ము ఎంతుందంటే వేలితో రాస్తే గీత పడింది. 2023 జనవరిలో స్టార్ రేటింగ్ తప్పనిసరి కాకముందు తెచ్చినవట. విలువ ఐదు లక్షలు.

వాటిని పక్కన పెడితే మిగతా 20 లక్షల సరుకు ఏడాదికి ఐదుసార్లు తిరుగుతోంది. వైర్లు, స్విచ్‌ల వేగం ఆ ఫ్యాన్లను కప్పేసింది. అందుకే మొత్తం అంకె ఒక్కటి చూసి ఊరుకోకూడదు. ఐటెమ్ వారీగా చివరిసారి ఎప్పుడు అమ్మారో తేదీ తీసి, 180 రోజులు దాటినవాటికి వేరే లిస్టు రాయాలి.

ఆ ఫ్యాన్లను ధర తగ్గించైనా అమ్మేయమన్నాను, ముందు కంపెనీ డీలరుని అడిగి ఆ పాత మోడల్ అమ్మొచ్చో లేదో తేల్చుకున్నాకే. అమ్మితే వాటి ఐటీసీ మనకే ఉంటుంది. తుక్కు కింద రాసేసి పారేస్తే మాత్రం అది వెనక్కి కట్టాలి.